1998 పదో తరగతి బ్యాచ్: విజయనగరం కలయిక

మిత్రులందరికీ నమస్కారం. 2027 జనవరి 17, ఆదివారం, కనుమ మర్నాడు, ఉదయం 9 గంటలకు మన బడి ఆవరణలో కలుద్దాం. పండక్కి ఎలాగూ ఊరొస్తారు కదా, ఒక్కరోజు ఆగండి. 17 రాత్రి తిరుగు రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు, అంటే నవంబర్ 18న ఉదయం 8కి తెరుచుకుంటుంది. పండగ రద్దీకి వెంటనే అయిపోతాయి.

చందా మనిషికి రూ.2,000, జంటకు రూ.3,000, పిల్లలకు లేదు. యూపీఐలో పంపేటప్పుడు రిమార్క్స్‌లో మీ పేరు, సెక్షన్, ఊరు రాయండి. ఇంటావిడ ఫోన్ నుంచి పంపితే మాకు ఆవిడ పేరే కనిపిస్తుంది, ఎవరి చందాయో తేలదు. ఆ తర్వాతే గ్రూప్‌లో పిన్ చేసిన ఫారం నింపండి. డిసెంబర్ 20 తర్వాత వంటవాళ్లకు లెక్క మార్చలేం.

విదేశాల్లో ఉన్నవాళ్లు ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి పంపండి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు మాత్రం, ఓసీఐ ఉన్నా సరే, బడికిచ్చే బహుమతి నిధికి ఏమీ పంపొద్దు. ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం దాన్ని విదేశీ విరాళంగా చూస్తుంది, బడి చిక్కుల్లో పడుతుంది. భారత పాస్‌పోర్టు ఉండి సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపేవాళ్లకు ఈ ఇబ్బంది లేదు.