దసరా ఆఫర్: ఈ రెండు లైన్లు స్టేటస్ పెట్టండి

అక్కలూ, వదినలూ, వీటిని కాపీ చేసి ఈ రాత్రికే స్టేటస్‌లో పెట్టండి.

👉 దసరాకి జాకెట్ కుట్టుకూలిలో 20 శాతం తగ్గింపు! విజయవాడ గవర్నర్‌పేట షాపులో.
👉 మూలా నక్షత్రానికి పది రోజుల ముందే గుడ్డ ఇవ్వండి. కొలత జాకెట్ మర్చిపోకండి.

తగ్గింపు కుట్టుకూలికే, లైనింగ్ గుడ్డకి లేదు. కూలి 500, లైనింగ్ 100 అనుకోండి: 400, 100 కలిపి 500 ఇవ్వాలి. పోయిన పండక్కి లైన్లో ‘కుట్టుకూలి’ అన్న మాట వదిలేశాను, మొత్తం బిల్లు మీద తగ్గించమని ఇద్దరు పట్టుబట్టారు. తప్పు నాదేలెండి. అందుకే ఆ మాట తీసేయకండి.

పది రోజులు ఎందుకంటే, కాటన్ లైనింగ్ తడిపి ఆరబెట్టాకే కుడతాం. లేకపోతే మొదటి ఉతుక్కే లోపల గుంజుకుపోయి పైన ముడతలు పడతాయి.

స్టేటస్ 24 గంటలే ఉంటుంది, ఎల్లుండి మళ్లీ పెట్టండి.