పట్టు గుట్టు గుడ్లతోనే బయటపడలేదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పట్టు చరిత్రపై వచ్చిన వ్యాసం చదివాను. సన్యాసులు కర్రలో పట్టుపురుగు గుడ్లు దాచి తెచ్చి బైజాంటైన్ చక్రవర్తి జస్టీనియన్‌కు ఇవ్వడంతో చైనా గుట్టు రట్టయిందని రాశారు. మా ఇంట్లో రెండు తరాలుగా గూళ్ల నుంచి దారం తీసే రీలింగే వృత్తి. అది సగం కథేనని చెప్పక తప్పడం లేదు.

గుడ్లు, మల్బరీ ఆకు ఉంటే గూళ్లు వస్తాయి. గూటి నుంచి దారం తీయడం వేరే విద్య. పురుగు గూడు కట్టాక సుమారు రెండు వారాల్లో రెక్కల చిలుకగా మారి దాన్ని చీల్చుకుని బయటికొస్తుంది. ఒకసారి చిల్లు పడితే పోగు ముక్కలైపోతుంది. అందుకే ముందే ఆవిరితోనో వేడిగాలితోనో లోపల చిలుకగా మారుతున్న పురుగును, అంటే ప్యూపాను, చంపాలి. తర్వాత గూళ్లను వేడినీళ్లలో ఉడికిస్తే పైజిగురు మెత్తబడుతుంది. ఉడుకు తగ్గితే పోగు తెగుతుంది, ఎక్కువైతే ముద్దలుగా ఊడి వస్తుంది. ఒక్క గూటి పోగు వెయ్యి మీటర్ల వరకూ వచ్చినా దారానికి చాలనంత సన్నం. ఎనిమిదో పదో గూళ్ల కొసలు కలిపి లాగుతాం. ఒక గూడు అయిపోగానే కొత్త కొస అందించాలి. ఆ క్షణం ఏమరితే అక్కడ దారం సన్నబడి, మగ్గం మీద తెగుతుంది.

ఇప్పుడు మధ్య ఆసియాలోని పాత రాజ్యం ఖోతాన్ సంగతి చూడండి. చైనా రాకుమారి ఒకరు తలపాగాలో గుడ్లు, మల్బరీ విత్తనాలు దాచి అత్తవారింటికి తెచ్చిందని 7వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ రాశాడు. ఖోతాన్ దగ్గరి దండాన్ ఓయిలిక్ శిథిలాల్లో దొరికిన, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న చెక్కపలక మీది బొమ్మలో ఒక దాసి ఆమె తలపాగా వైపే వేలు చూపిస్తోంది. వ్యాసంలో లేని మాట ఒకటుంది: పురుగులను చంపకూడదని, చిలుకలు వెళ్లిపోయాకే పట్టు తీయాలని, రాణి అయిన ఆ రాకుమారి శాసనం వేయించిందని కూడా ఆయన రాశాడు. అంటే అక్కడ చిల్లుపడ్డ గూళ్లను పత్తిలా వడికేవారు. గుడ్లు వచ్చాయి, పొడవాటి పోగు రాలేదు. వడికిన నూలు నూగుగా ఉంటుంది, రీల్ చేసిన దారానికుండే నున్నని మెరుపు రాదు.

ఇక జస్టీనియన్ దగ్గర, సుమారు 552 నాటికే నేతగాళ్లు దిగుమతి పట్టుతో నేస్తున్నారు. అక్కడ కొరత దారానికే. గుడ్లు తెచ్చింది భారతదేశం నుంచి వచ్చిన సన్యాసులని ప్రొకోపియస్, కర్రలో దాచి తెచ్చింది ఒక పర్షియన్ అని మరో చరిత్రకారుడు రాశారు. మీ వ్యాసం రెండు కథలనూ కలిపేసింది. పనివాళ్లు లేకుండా పట్టు రాదని 1147లో సిసిలీ రాజు రోజర్‌కు తెలుసు. గ్రీసులోని కొరింత్, థీబ్స్ నగరాల మీద దాడి చేసి పట్టు పనివాళ్లనే పట్టుకెళ్లాడు.

వచ్చే ఆదివారం ఒక సవరణ వేయండి. అందులో గూళ్లు ఉడికించే తొట్టి ఫొటో కూడా పెడితే, గుట్టు ఎక్కడుందో పిల్లలకు కనిపిస్తుంది.

ఇట్లు,
ఒక రీలరు, హిందూపురం