‘పట్టించుకోకు’ అని చెప్పి వదిలేయకండి

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల క్రితం మీ పిల్లల పేజీలో బడిలో ఎగతాళి గురించి ఒక వ్యాసం వేశారు. చదివిన రోజే రాయాల్సింది. కోపం తగ్గాక రాద్దామని ఆగాను, తగ్గలేదు. వ్యాసమంతా తిప్పి తిప్పి చెప్పింది ఒక్కటే: పట్టించుకోకపోతే ఏడిపించేవాళ్ళే విసిగి ఊరుకుంటారట. సరిగ్గా ఇదే మాట నేను మా పిన్ని కొడుక్కి ఆరు నెలల క్రితం చెప్పాను. వాడు బుద్ధిగా పాటించాడు. ఫలితంగా క్లాసులో నోరు విప్పడమే మానేశాడు.

వాడు తొమ్మిదో తరగతి. నత్తి ఉంది. క్లాసులో నలుగురు వాడికి ‘బఫరింగ్’ అని పేరు పెట్టారు. హాజరు పిలిచేటప్పుడు, తెలుగు పాఠం పైకి చదివేటప్పుడు వాడు మాట దగ్గర ఆగగానే వెనక బెంచీ నుంచి వేలు గుండ్రంగా తిప్పి చూపిస్తారు. క్లాసంతా నవ్వుతుంది. నత్తి ఉన్న పిల్లాడు దీన్ని పట్టించుకోకుండా ఎలా ఉంటాడు? మాట ఆగుతుందేమోనన్న భయంతో వాడు ముందే బిగుసుకుపోతాడు, బిగుసుకుంటే మాట ఇంకా ఆగుతుంది. పైకి పట్టించుకోనట్టు కనిపించడానికి వాడికి దొరికిన దారి మాట్లాడకపోవడం ఒక్కటే. జవాబు తెలిసినా చెయ్యెత్తడు. ప్రశ్న అడిగితే తెలియదంటాడు. మార్కులు తగ్గాక పిన్ని బాధపడింది, బడివాళ్ళు ‘శ్రద్ధ లేదు’ అని రాసి పంపారు. అప్పుడు గానీ నా తప్పు నాకు తెలియలేదు.

ఆ తర్వాత స్పీచ్ థెరపిస్టును కలిసి, నత్తి గురించి చదివి, వాడికి ఇంకో మెసేజ్ పెట్టాను. వాడి అనుమతితోనే అందులో ముఖ్యమైన భాగం ఇక్కడ ఇస్తున్నాను. మీ పేజీ చదివే అక్కలకూ అన్నయ్యలకూ ఉపయోగపడొచ్చు.

“ఒరేయ్ చిన్నా, పట్టించుకోకు అని నీకు చెప్పింది నేనే. అది తప్పు, సారీ. ముందు ఒక విషయం. నువ్వు నాకు చెప్పింది నిన్ను అడక్కుండా అమ్మకు చెప్పను. కానీ ఎవరైనా నిన్ను కొట్టినా, నీకు బతకాలని లేదనిపించినా, అది మాత్రం నా దగ్గరే దాచుకోను. పెద్దవాళ్ళకు చెప్తాను. ఇది ఇప్పుడే చెప్పేస్తున్నాను, తర్వాత అక్క మోసం చేసిందనుకోకూడదు.

నత్తి భయస్థుడికి వచ్చేది కాదు, తెలివి తక్కువై వచ్చేదీ కాదు. ప్రపంచంలో నూటికి ఒకరికి ఉంటుంది. నీ పేరు చెప్పేటప్పుడే ఎక్కువ ఆగుతుందన్నావు కదా, చాలామందికి అంతేనట. వేరే మాటైతే ఆగుతుందనిపించగానే దాని బదులు ఇంకోటి వాడొచ్చు, పేరుకు బదులు మాట లేదు. ఇంకొకరితో కలిసి ఒకేసారి చదివితే మాత్రం దాదాపు ఆగదు. నువ్వే ఒకసారి ఇంట్లో నాతో కలిసి చదివి చూడు.

రేపటి నుంచి చిన్న నోట్‌బుక్కులో రాయి. తేదీ, ఏ పీరియడు, ఎవరు, ఏమన్నారు లేదా ఏం చేశారు, అప్పుడు ఎవరెవరున్నారు. అంతే, నీ బాధ గురించి అందులో రాయక్కర్లేదు, అది నాకు చెప్పు. రెండు వారాలయ్యాక ఆ పుస్తకం తీసుకుని నీకు నమ్మకమున్న టీచర్ దగ్గరికి వెళ్ళు. ‘ఏడిపిస్తున్నారు’ అని మాత్రమే చెబితే ‘నేను చూస్తాలే’ అంటారు. రెండు పనులు అడుగు. హాజరుకు చెయ్యెత్తితే చాలని ఒప్పుకోమను. పైకి చదివించేటప్పుడు క్లాసంతటినీ ఇద్దరిద్దరిగా కలిపి చదివించమను. నీ ఒక్కడికే చేస్తే అది ఇంకో వేళాకోళం అవుతుంది.

నీ పక్కన కూర్చునే వాడితోనూ మాట్లాడు. కెనడా పరిశోధకులు ఆటస్థలాల్లో చిన్న తరగతుల పిల్లల్ని వీడియో తీసి 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. తోటి పిల్లలు కల్పించుకున్న సందర్భాల్లో సగానికి పైగా ఏడిపించడం పది సెకన్లలోనే ఆగిపోయింది. వాడు పోట్లాడక్కర్లేదు. ‘ఆపరా, వాణ్ణి చెప్పనీ’ అంటే చాలు. నువ్వు సిద్ధమనుకున్న రోజున క్లాసులో నువ్వే ‘నాకు నత్తి ఉంది, కొంచెం టైమ్ పడుతుంది’ అని మొదలుపెట్టి చూడొచ్చు. ఇక దాచాల్సింది ఉండదు కాబట్టి ఆ టెన్షన్ తగ్గుతుంది. ఇష్టం లేకపోతే వద్దు, ఎవరూ బలవంతం చెయ్యరు.”

నోట్‌బుక్కులో తొమ్మిది రోజుల్లో పదకొండుసార్లు పడింది. అందులో ఏడు తెలుగు పీరియడులోనే. మాకు తెలియని విషయం అప్పుడే బయటపడింది. మొదట నవ్వేది పిల్లలు కాదు, హాజరు తీసుకునే టీచరే. ‘త్వరగా చెప్పవయ్యా, బెల్లు కొట్టేస్తారు’ అని ఆయన అన్న మాట మూడుచోట్ల ఉంది. పెద్దాయనే నవ్వితే పిల్లలకు అంతకు మించిన అనుమతి ఏం కావాలి?

హెడ్మాస్టరు దగ్గరికి పిన్ని, నేను వెళ్ళాం. ‘మగపిల్లలమ్మా, సరదాకి అంటారు’ అన్నారు. సరదా అయితే ఇద్దరూ నవ్వాలి. పదే పదే ఒక్కడినే అంటూ, వాడు తిరిగి అనలేని స్థితిలో ఉంటే అది వేధింపు. 1970ల నుంచి ఈ విషయం మీద పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఒల్వియస్ పెట్టిన కొలత అదే. బడిలో వేధింపుల కమిటీ ఉందా అని అడిగాం. ఉందట. సభ్యులెవరో ఆయనకే గుర్తు లేదు. ఫిర్యాదుల పెట్టె ఆఫీసు గది గోడకే ఉంది, అందులో చీటీ వేయాలంటే అందరి ముందూ వేయాలి. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరూ చెప్పలేకపోయారు. విద్యాశాఖ అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు కమిటీ ఉందా, పెట్టె ఉందా అని టిక్కు పెట్టుకుని పోతే సరిపోతుందా? పెట్టె చివరిసారి ఎప్పుడు తెరిచారని ఒక్కరైనా అడిగారా? టీచర్లకు పరీక్షల శిక్షణ, యాప్ శిక్షణ ఉంటాయి గానీ నత్తి ఉన్న పిల్లాడు మాట్లాడేటప్పుడు మధ్యలో అందుకోకుండా వినాలని చెప్పేవాళ్ళు లేరు. సినిమాల్లో నత్తి పాత్ర వస్తే నవ్వించడానికే వస్తుంది, పిల్లలు దాన్నే క్లాసులోకి తెస్తున్నారు.

చివరికి సాయం చేసింది లెక్కల టీచరు. నోట్‌బుక్కు మొత్తం చదివి, మర్నాటి నుంచి తన క్లాసులో హాజరు చెయ్యెత్తి చెప్పే పద్ధతి పెట్టారు. తెలుగు టీచరుతోనూ ఆమే మాట్లాడారు. ఇప్పుడు అక్కడ జంటగా చదివిస్తున్నారు. నలుగురిలో ఇద్దరు మానేశారు, ఒకడు వచ్చి మాట్లాడాడు కూడా. నాలుగోవాడు బడి వదిలాక, టీచర్లు లేనిచోట ఇంకా ‘బఫరింగ్’ అంటూనే ఉన్నాడు. నత్తీ పోలేదు, పోవాలని మేమూ పందెం కట్టలేదు. వాడు గత వారం సైన్సు క్లాసులో చెయ్యెత్తాడు. జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టిందట, పూర్తిగా చెప్పాడట.

మీ వ్యాసం రాసినవారు ఈసారైనా అలాంటి పిల్లాడితో ఒక గంట కూర్చుని, వాడు చెప్పేది చివరిదాకా విని, తర్వాత రాయాలని కోరుతున్నాను. తమ్ముడి పేరు వేయవద్దన్నాడు కాబట్టి నా పేరూ ఇవ్వడం లేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు