తీసివేత వచ్చు, కానీ దేంట్లోంచి దేన్ని తీయాలో తెలియదు: తెలంగాణ వయోజన విద్యాశాఖ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

నేను మా ఊళ్లో సంఘం మహిళలకు రాత్రిపూట చదువు చెప్పే వాలంటీర్‌ని. చదువు రాని పెద్దవాళ్లకు అక్షరాలు, లెక్కలు నేర్పే ఉల్లాస్ పథకంలో చదువుకుని పరీక్ష రాసినవాళ్లు మా క్లాసులో ఉన్నారు. చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50, మొత్తం 150 మార్కుల పేపర్. మావాళ్లు బాగానే రాశారు. ఆ తర్వాత ఒక రోజు, పాసైన ఒకావిడ కరెంటు బిల్లు తెచ్చి నా ముందు పెట్టింది. "పోయిన నెల సున్న వచ్చింది సారూ, ఈ నెల వెయ్యి దాటింది. మీటర్ ఖరాబైందా?" అని అడిగింది. మూడంకెల తీసివేత ఆమెకు నోటిమీద వచ్చు. కానీ ఆ బిల్లులో దేంట్లోంచి దేన్ని తీసేయాలో తెలియలేదు. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

మొదట నేను చేసిన తప్పు చెప్తాను. ఆ బిల్లును బోర్డు మీద రాసి, పైనుంచి కిందిదాకా వరుసగా వివరించాను. "అర్థమైందా?" అంటే అందరూ అయిందన్నారు. మర్నాడు ఒక్కరికీ ఏమీ గుర్తు లేదు. పెద్దవాళ్లు టీచర్ మనసు నొప్పించడం ఇష్టంలేక "అయింది" అంటారని నాకు అప్పటికి తెలియదు. అప్పటి నుంచి ఆ ప్రశ్న మానేశాను. చెప్పడం తగ్గించి, ఒక వరుసలో అడగడం మొదలుపెట్టాను.

మొదటి ప్రశ్నలకు జవాబు కాగితం మీదే ఉండాలి, వేలు పెట్టి చూపించగలగాలి. "ఈ బిల్లు ఎవరి పేరు మీద ఉంది?" చాలామంది ఇళ్లలో అది చనిపోయిన మామ పేరో, ఇల్లు అమ్మినవాళ్ల పేరో అయి ఉంటుంది. దాని మీద ఐదు నిమిషాలు ముచ్చట నడుస్తుంది, నడవనివ్వాలి. "ఏ తారీఖున రాశారు? ఎప్పటిలోగా కట్టాలి?" తర్వాత అసలుది: "మీ మీటర్ మీద కనిపించే లాంటి పెద్ద అంకెలు ఈ కాగితంలో ఎన్ని చోట్ల ఉన్నాయి?" రెండు చోట్ల ఉంటాయి, పాత రీడింగ్, కొత్త రీడింగ్. ఆవిడ బిల్లులో పాతది 6418, కొత్తది 6622.

ఇక్కడ నేను క్లాసు ఆపేసి ఇంటికి పంపిస్తాను. "ఈ రాత్రి మీటర్ చూసి, దాని మీద ఉన్న నంబర్ రాసుకొని రండి." డిజిటల్ మీటర్లలో అంకెలు మారుతూ ఉంటాయి కాబట్టి, పక్కన kWh అని కనిపించినప్పుడే రాయమని, చుక్క తర్వాతి అంకె వదిలేయమని చెప్తాను. మర్నాడు ఆవిడ 6641 రాసుకొచ్చింది. "బిల్లులో 6622, మీటర్‌లో 6641. ఎందుకు తేడా?" కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మాలాంటి వాలంటీర్లకు అన్నిటికంటే కష్టమైన పని ఇదే. లోపల పది లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాను. చివరికి పక్కావిడ అంది: "రాసి పోయి మూడు రోజులాయె. మూడు రోజులు కాలింది గదా."

ఈ ఒక్క మాటతో తప్పు పట్టుకునే పద్ధతి వాళ్ల చేతికొచ్చింది. ఈ రోజు మీటర్‌లో నంబర్ బిల్లులోని కొత్త రీడింగ్ కంటే ఎక్కువ ఉంటే మామూలే. తక్కువ ఉంటే రీడింగ్ తప్పు రాశారన్నమాట. తలుపు తాళం ఉండి రీడింగ్ తీయకుండా సగటు వేసిన బిల్లు అయితే లెక్క వేరు, అది తర్వాతి రీడింగ్‌లో సర్దుకుంటుంది. అందుకే "ఆ రోజు ఇంట్లో ఎవరున్నారు?" అని కూడా అడుగుతాను.

ఆ తర్వాతి ప్రశ్నలకు రెండు బిల్లులు పక్కపక్కన పెట్టాలి. ఈ నెల 6622లోంచి 6418 తీస్తే 204 యూనిట్లు. పోయిన నెల 187. "ఎన్ని రోజులకు ఎన్ని?" పోయిన బిల్లు 30 రోజులది, ఇది 31 రోజులది. రోజుకు చూస్తే ఆరుంబావు ఉన్నది ఆరున్నర దాటింది. తేడా రోజుకు మూడో వంతు యూనిట్. ఎండాకాలం, కూలర్ ఉంది. 200 వాట్ల కూలర్ అయిదు గంటలు తిరిగితే ఒక యూనిట్. అంటే రోజుకు గంటా ముప్పావు ఎక్కువ తిప్పారు. "అవును, మనవడొచ్చిండు" అంది ఆవిడ.

మరి గంటా ముప్పావు కూలర్‌కు వెయ్యి రూపాయలా? దీనికి జవాబు కాగితం మీద లేదు. అప్పుడే నేను ధరల పట్టిక తీస్తాను, అంతకు ముందు తీయను. గృహజ్యోతి కింద రేషన్ కార్డు ఉన్న ఇళ్లకు 2024 మార్చి నుంచి నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం. దాటితే పై నాలుగు యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాలి. పైగా 200 దాటిన ఇంటికి మొదటి యూనిట్ నుంచే ధర మారుతుంది: 200 వరకు యూనిట్‌కు 5.10 చొప్పున 1,020 రూపాయలు, మిగతా నాలుగింటికి 7.70 చొప్పున 30.80. వాడకం చార్జీ ఒక్కటే 1,050.80, మిగతా చార్జీలు దీని మీద. లెక్క వాళ్లే వేశారు. మీటర్ మంచిగనే ఉందని నేను చెప్పాల్సిన పని రాలేదు. ఇప్పుడు ఆవిడ నెల మధ్యలో మీటర్ చూసి గోడ మీద నంబర్ రాస్తోంది. సున్న బిల్లును ఎవరూ చదవరు కదా, చదవాల్సింది దాన్నే.

బ్యాంకు ఫారానికి కూడా ఇదే దారి. పేరు, ఖాతా నంబర్ అంటూ మొదలుపెట్టకుండా "ఈ కాగితంతో డబ్బు ఖాతాలోకి పోతదా, బయటికి వస్తదా?" అని ముందు అడిగితే, డబ్బు వేసే ఫారం, తీసే ఫారం కలగలిపే తప్పు చాలావరకు పోతుంది.

ఈ పద్ధతికి అడ్డంకులూ ఉన్నాయి. బిల్లులో చాలా మాటలు ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఉంటాయి. తెలుగు మాత్రమే నేర్చుకున్నవాళ్లు వాటిని చదవలేరు, ఎక్కడున్నాయో చూసి గుర్తుపడతారు. బిల్లు నమూనా మారితే మళ్లీ మొదటికే. ఆ పల్చని కాగితం మీద అచ్చు రెండు నెలల్లో వెలిసిపోతుంది, అందుకే రాగానే జిరాక్స్ తీయిస్తాం. మీటర్ నిజంగానే చెడిపోతే ఈ ప్రశ్నలతో బాగవదు. అప్పుడు అడగాల్సిన చివరి ప్రశ్న "1912కు ఫోన్ చేసి ఏ నంబర్ చెప్తరు?" బిల్లు మీది సర్వీస్ నంబర్ వేలు పెట్టి చూపిస్తే చాలు.

మీ నుంచి నేను కోరేది పెద్దదేమీ కాదు. మన పరీక్ష లెక్కల భాగంలో ఒక తీసివేత తీసేసి, దాని బదులు ఒక బిల్లు బొమ్మ ఇవ్వండి. ఏ రెండు నంబర్లు తీసుకోవాలో వాళ్లనే వెతకనివ్వండి. పరీక్షలో ఉంటేనే క్లాసులో చెప్తాం, ఇది మా అందరి బలహీనత. విద్యుత్ పంపిణీ సంస్థలతో మాట్లాడి, ఇప్పుడు వాడుకలో ఉన్న బిల్లును గోడకు అంటించేంత పెద్దగా అచ్చు వేయించండి. వాలంటీర్ల శిక్షణలో ఒక పూట, ప్రశ్న అడిగి ఊరుకోవడం నేర్పించండి. నాకు అది రావడానికి ఏడాది పట్టింది.

మా క్లాసు సాయంత్రం ఏడున్నరకు, పంచాయతీ ఆఫీసు అరుగు మీద. వీలు చూసుకుని రండి. వచ్చేటప్పుడు మీ ఇంటి కరెంటు బిల్లు కూడా పట్టుకురండి, మావాళ్లు ప్రశ్నలడుగుతారు.

ఇట్లు,
ఒక వాలంటీర్ టీచర్