ఆ 2 లక్షల 90 వేలు ఎక్కడున్నాయి?

"మిగులు రెండు లక్షల తొంభై వేలని కాగితం మీద రాసీసినారు. బ్యాంకులో చూస్తే అరవై వేలు. మిగతా డబ్బులేటయిపోనాయి?"

అందరికీ నమస్కారం. మన అపార్ట్‌మెంట్ లెక్కలు చూసేవాణ్ణి కాబట్టి జవాబు నేనే చెప్పాలి. డబ్బులు ఎక్కడికీ పోలేదండీ. కొంత బిల్డర్ దగ్గరుంది, కొంత మీలోనే కొందరి దగ్గరుంది, పెద్ద ముక్క విశాఖపట్నంలో లిఫ్ట్ కాంట్రాక్టర్ దగ్గరుంది. ఈ మాట సెల్లార్లో బళ్ల దగ్గర నిలబడి కాకుండా నా ఫ్లాట్ తలుపు కొట్టి అడిగి ఉంటే, టీ తాగే లోపల చెప్పేసేవాణ్ణి. సరే, జనరల్ బాడీలో చెప్పడమూ మంచిదే, అందరూ వింటారు.

మీ చేతిలో ఉన్న మొదటి కాగితం ఆదాయ వ్యయ ఖాతా. అందులో ఆదాయం అంటే చేతికి వచ్చిన డబ్బు కాదు, బిల్లు రాసిన డబ్బు. మన 40 ఫ్లాట్లకు నెలకు 2,000 చొప్పున ఏడాదికి 9,60,000 బిల్లు రాశాం. మీరు కట్టినా కట్టకపోయినా అది ఆదాయంలోకి వెళ్లిపోతుంది. దానికి ఎఫ్‌డీ వడ్డీ 42,000 కలిసింది. ఖర్చు 7,12,000 పోగా మిగులు 2,90,000 తేలింది. నా హార్డ్‌వేర్ కొట్లో దసరాకు ముందు పెయింట్లు అరువిస్తాను. ఆ వారం అమ్మకాల పుస్తకంలో లక్ష కనిపిస్తుంది, గల్లాపెట్టెలో ఇరవై వేలుంటాయి. దొంగతనం జరిగిందని మా ఆవిడ ఏనాడూ అనలేదు.

కాబట్టి సరిగ్గా అడగాల్సిన ప్రశ్న ఇది. గత ఏప్రిల్ 1న బ్యాంకులో 1,85,000 ఉంది. ఏడాది మిగులు 2,90,000 కలిపితే 4,75,000 ఉండాలి. మార్చి 31న ఉన్నది 61,000. అంటే 4,14,000కి లెక్క చెప్పాలి. చెబుతాను.

చిన్నవి ముందు. సీసీ కెమెరాల రికార్డర్ కాలిపోతే కొత్తది 22,000 పెట్టి కొన్నాం. అది కొన్నేళ్లు వాడే వస్తువు, అందుకే ఖర్చులో కాకుండా ఆస్తిలో రాస్తారు. కామన్ మీటరు వాడకం పెరిగిందని ఈపీడీసీఎల్ వాళ్లు అదనపు డిపాజిట్ అడిగారు, 18,000 కట్టాం. అది మన పేరు మీదే ఉంటుంది కనుక అదీ ఖర్చు కాదు. ఎఫ్‌డీ వడ్డీ 42,000 ఆదాయంలో కనిపిస్తున్నా, అది మెచ్యూరిటీ దాకా అసలుతో కలిసి పెరిగే డిపాజిట్. ఒక్క రూపాయి కూడా మన ఖాతాలో పడలేదు. దీనికి ఎదురుగా ఒకటుంది. మోటార్ల మీద తరుగుదల అని 20,000 ఖర్చు రాశాం, అది ఎవరికీ ఇచ్చిన డబ్బు కాదు. ఇవన్నీ కూడి తీసేస్తే 62,000. ఇంక మిగిలినవి రెండే: బకాయిలు 1,32,000, లిఫ్ట్ 2,20,000.

లిఫ్ట్ గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. ఇష్టం లేనివాళ్లు కుర్చీలో ఓ కునుకు తీయొచ్చు.

గత అక్టోబరులో సిరిమానోత్సవం రోజు మన లిఫ్ట్ మూడు, నాలుగు అంతస్తుల మధ్య ఆగిపోయింది. అయిదో అంతస్తు వాళ్ల చుట్టాలు పైడితల్లమ్మ దర్శనం చేసుకుని పళ్ల సంచులతో పైకి వస్తున్నారు. ఆ రోజు కోట నుంచి మూడు లాంతర్ల దాకా ఊరంతా జనమే, మెకానిక్ బండి లోపలికి రాలేకపోయింది. లోపలున్న పెద్దావిడ తలుపు సందులోంచి మంచినీళ్ల సీసా అందుకుని తాగిన సంగతి మీకందరికీ తెలుసు. అంతకు ముందు నుంచే లిఫ్ట్ ఫ్లోరుకు నాలుగు వేళ్లు కిందే ఆగుతోంది. చూడటానికి చిన్న విషయమే కానీ బ్రేకు లైనింగ్ అరిగిందనో, పాత రిలే కంట్రోలర్ సరిగా పనిచేయడం లేదనో దానికి అర్థం. మోటార్ రూములో రోప్ మీద గుడ్డ పెట్టి తుడిస్తే తెగిన తీగలు గుడ్డకు పట్టుకునేవి. మెకానిక్ చెప్పాక నేనే వెళ్లి చూశాను.

కంట్రోలర్, రోప్‌లు, బ్రేకు, ఆటోమేటిక్ తలుపులు అన్నీ కలిపి పన్నులతో సహా 5,50,000కి ఒప్పందం చేసుకున్నాం. అడ్వాన్సు 40 శాతం, సరుకు దిగాక 40 శాతం, బిగించి నడిపి చూపించాక మిగతాది. ఆ 40 శాతమే 2,20,000.

ఇప్పుడు నా నిద్ర చెడగొట్టిన సంగతి. ఆ అడ్వాన్సు ఎక్కడి నుంచి ఇవ్వాలి? దారులు మూడున్నాయి. ఫ్లాటుకు 5,500 ప్రత్యేక వసూలు పెట్టొచ్చు. కానీ నెల నెలా 2,000 కట్టనివాళ్లు 5,500 కడతారా? రెండో దారి, కార్పస్ 6 లక్షల ఎఫ్‌డీ పగలగొట్టడం. మధ్యలో తీస్తే వడ్డీ తగ్గించి ఇస్తారు. అది కూడా పెద్ద సంగతి కాదు, అసలు భయం వేరు. కార్పస్‌లో ఒకసారి చెయ్యి పెడితే రెండోసారికి ఎవరూ అడగరు. మూడోది, నడిచే ఖాతాలో ఉన్న డబ్బు ఇచ్చేసి, ఏడాదంతా చేతిలో నెల ఖర్చుకు సరిపడా మాత్రమే ఉంచుకుని నెట్టుకురావడం. నేను మూడోదే పట్టుకున్నాను. ప్రెసిడెంట్ గారు ఒప్పుకోలేదు, సెక్రటరీ గారు రెండు వైపులా తల ఊపారు. ఇవాళ మళ్లీ అడిగినా అదే చెబుతాను.

ఆ తర్వాత ఆ కాంట్రాక్టర్ చేసిన నిర్వాకం. పది వారాలన్నాడు. సంక్రాంతికి ముందు రోప్ చుట్టలు దించాడు, ఇప్పటికీ వాచ్‌మన్ గది పక్కన గోనె కప్పుకుని ఉన్నాయి. కంట్రోలర్ రాలేదు. దాని బోర్డు ఫ్యాక్టరీలోనే ఆగిందన్నాడు, తర్వాత లారీ ఎక్కిందన్నాడు, తర్వాత ఫోనే ఎత్తలేదు. విశాఖ వెళ్లి అతని ఆఫీసులో కూర్చుంటే కాఫీ ఇచ్చి, మా సొసైటీ చిన్న ఆర్డరని అర్థమయ్యేలా మాట్లాడాడు. ముప్పై ఏళ్లుగా వ్యాపారం చేస్తున్నవాణ్ణి, నా ముందర ఆ మాట! మంచికో చెడ్డకో, ఆలస్యానికి వారానికి అర శాతం, ఎక్కువలో ఎక్కువ 5 శాతం కోత అని ఒప్పందంలో నేనే పట్టుబట్టి రాయించాను. అంటే 27,500 దాకా చివరి బిల్లులో కోస్తాం. రాతపూర్వకంగా నోటీసు ఇచ్చాం, జవాబు వచ్చింది, కొత్త తేదీ ఇచ్చాడు. ఆ తేదీని మీకు చెప్పను. బోర్డు మన గేటు దాటాక చెబుతాను.

పని పూర్తయ్యేదాకా ఆ 2,20,000 ఖర్చులోకి రాదు. బ్యాలెన్స్ షీటులో ఆస్తుల వైపు 'అడ్వాన్సులు' అన్న వరసలో కూర్చుంటుంది. అందుకే మిగులు తగ్గలేదు, డబ్బు తగ్గింది.

ఇక బకాయిలు. ఏడాది మొదట్లో రావాల్సినవి 78,000, ఇప్పుడు 2,10,000. పెరిగినది 1,32,000. మొత్తం 2,10,000లో, మీలో నెల, రెండు నెలలు ఆలస్యం చేసేవాళ్ల బాకీ 18,000, దాన్ని నేను లెక్కలోకే తీసుకోను. తాళం వేసి ఉన్న రెండు ఫ్లాట్లవి ఏడాదికి 48,000. మిగతా 1,44,000 బిల్డర్ దగ్గర అమ్ముడుపోని మూడు ఫ్లాట్లవి, రెండేళ్ల బాకీ. ఎవరూ కాపురం లేరు కదా, ఎందుకు కట్టాలి అంటాడు. వాచ్‌మన్ ఆ మూడు తలుపులకు కాపలా కాయడం లేదా? అమ్మేదాకా ఆ ఫ్లాట్లకు ఓనరు ఆయనే.

ఆడిటర్ గారు ఇక్కడొక మాట అన్నారు. బిల్డర్ బాకీ వసూలవడం అనుమానమే కాబట్టి ఆ 1,44,000ను ముందే నష్టంగా రాసి లెక్కలో కేటాయింపు పెడదాం, అప్పుడు మిగులు 1,46,000కి దిగి నిజానికి దగ్గరగా ఉంటుందని. లెక్క ప్రకారం ఆయన మాటలో తప్పు లేదు. కేటాయింపు పెట్టినంత మాత్రాన బాకీ మాఫీ అయినట్టు కాదు, అడిగే హక్కు అలాగే ఉంటుంది. కానీ ఆ కాగితం బిల్డర్ చేతికి వెళితే ఏమంటాడో నాకు తెలుసు: "మీ ఆడిటరే రాదని రాశాడు కదా." అందుకే ఈ ఏడాదికి వద్దన్నాను. దాని బదులు బాకీ వివరం కాగితం మీద పెట్టి బిల్డర్ సంతకం అడుగుతున్నాం. దానికొక కారణముంది. ఇలాంటి బాకీకి దావా వేసే గడువు మామూలుగా మూడేళ్లు. ఆ లోపల బాకీ ఉన్నట్టు ఆయన రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం పెడితే గడువు ఆ తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది. మొదటి బిల్లుల బాకీకి రెండేళ్లు దాటాయి. ఆయన సంతకం పెట్టకపోతే గడువు తీరకముందే లాయరు గారి దగ్గరికి వెళ్లాల్సిందే. వచ్చే మార్చికి కూడా దమ్మిడీ రాలకపోతే ఆ కేటాయింపు నేనే పెట్టిస్తాను.

ఇప్పుడు అజెండాలో ఉన్న ప్రతిపాదన. మిగులు ఇంత ఉంది కాబట్టి మెయింటెనెన్స్ 500 తగ్గించాలని. నాకూ తగ్గించాలనే ఉంది, నాకూ ఒక ఫ్లాటుంది. కానీ లెక్క చూడండి. నెలకు 80,000 బిల్లు రాస్తుంటే సగటున చేతికి వస్తున్నది 69,000. ఖర్చు దాదాపు 58,000. మిగిలే 11,000 లిఫ్టుకు ఇవ్వాల్సిన 3,30,000కు కూడబెట్టాలి. 500 తగ్గిస్తే, కడుతున్న 35 ఫ్లాట్ల నుంచి 17,500 తగ్గి 51,500 వస్తుంది. ప్రతి నెలా 6,500 లోటు. ఉన్న 61,000 ఏడాది తిరక్కుండానే కరిగిపోతుంది, అప్పుడు ఎఫ్‌డీ పగలగొట్టక తప్పదు. మిగులు చూసి తగ్గించమన్నవాళ్లు ఈ లెక్కలో తప్పు చూపిస్తే నేను ఇక్కడే మాట ఆపేసి కూర్చుంటాను.

ఇకపై మీకు ఆదాయ వ్యయ ఖాతా ఒక్కటే ఇవ్వను. ప్రతి నెలా అయిదో తారీఖున నోటీసు బోర్డు మీద ఒక పేజీ పెడతాను: నెల మొదట బ్యాంకులో ఎంత, ఎంత వచ్చింది, ఎంత ఇచ్చాం, చివరికి ఎంత ఉంది. దాని కిందే ఏ ఫ్లాటు నుంచి ఎంత రావాలో ఫ్లాటు నంబరుతో సహా ఉంటుంది. పేరు ఉండదు, నంబరు ఉంటుంది. అది చూసి ఎవరికైనా కోపం వస్తే, కట్టాక చెరిపేస్తాను. బ్యాంకు స్టేట్‌మెంటు, లిఫ్ట్ ఒప్పందం, అడ్వాన్సు రసీదు ఈ బల్ల మీదే ఉన్నాయి, చేత్తో పట్టుకుని చూడండి. తర్వాత ప్రతిపాదన మీద ఓటు పెడదాం. బిల్డర్‌కు పంపే కాగితం మీద కమిటీ సభ్యులు వెళ్లే ముందు సంతకాలు చేసి వెళ్లండి, సెక్రటరీ గారి దగ్గర పెన్నుంది.