ఆమె వీపు వైపు నుంచి తీసిన షాట్

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. "సినిమా అయిపోయింది, ఇక ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో రాసే జర్నల్ ఒక్కటే మిగిలింది, రెండు రోజులు కూర్చుంటే రాసేస్తాను" అన్నావు చూడు, అక్కడే నాకు టెన్షన్ మొదలైంది. పోయిన టర్మ్‌లో నేనూ సరిగ్గా అలాగే అనుకుని కూర్చున్నాను. మొదటి డ్రాఫ్ట్ మొత్తం చించి మళ్లీ రాయాల్సి వచ్చింది. ఎందుకు చించానో నీకు వివరంగా చెప్పాలని ఉంది. ఒక్క షాట్ కథే చెబుతాను. మిగతా సినిమాకి నువ్వే అన్వయించుకోగలవు.

నా సినిమా 6 నిమిషాలు. అక్క ప్రయాణానికి సిద్ధంగా ఉంటుంది, తనతో పాటు రావాల్సిన తమ్ముడు ఫోన్ చేసి రానంటాడు. సినిమాకి అదే ఆయువుపట్టు. ఆ ఫోన్ సీన్‌లో ఆమె కిటికీ దగ్గర నిలబడి వింటుంది, ఫోన్ పెట్టేస్తుంది, అలాగే ఉండిపోతుంది. 42 సెకన్ల షాట్, ట్రైపాడ్ మీద, కెమెరా కదలదు. మొదటి నుంచి చివరి దాకా ఆమె వీపే కనిపిస్తుంది.

జర్నల్ మొదటి డ్రాఫ్ట్‌లో ఈ షాట్ గురించి ఇలా రాశాను: "పాత్ర మొహాన్ని దాచడం ద్వారా ప్రేక్షకుడే ఆమె బాధను ఊహించుకునేలా చేయాలనుకున్నాను. నిడివి ఎక్కువ ఉండటం వల్ల ఒంటరితనం బలంగా వ్యక్తమైంది." చదవడానికి బాగుంది కదా? నాకూ బాగానే అనిపించింది. మా మేడం మాత్రం దాని పక్కన పెన్సిల్‌తో రెండే ప్రశ్నలు రాశారు. "ఈ నిర్ణయం ఏ రోజు తీసుకున్నావు? వ్యక్తమైందని నీకెలా తెలిసింది?"

మొదటి ప్రశ్నకి జవాబు కోసం షూటింగ్ రోజు రాత్రి ఫోన్‌లో రాసుకున్న నోట్ తీశాను. నాలుగే వాక్యాలు. "సాయంత్రం 5:40. కిటికీ ముందు నిలబెడితే మొహం నల్లగా పడుతోంది. మొహానికి ఎక్స్‌పోజర్ పెడితే కిటికీ తెల్లగా పేలిపోతోంది. లైటు లేదు, ఇంకో పావుగంటలో వెలుతురు పోతుంది, అందుకే వెనకనుంచి తీసేశాం." అదీ అసలు సంగతి. ప్రేక్షకుడి ఊహ అన్న ఆలోచన ఆ రోజు నా బుర్రలో లేనే లేదు. ఎడిటింగ్‌లో ఆ షాట్ చూసి ఇష్టపడ్డాక, ముందే అనుకున్నానని నాకు నేనే నమ్మేశాను. నేను కావాలని అబద్ధం రాయలేదురా. మూడు వారాలు గడిస్తే జ్ఞాపకమే అలా సర్దుకుపోతుంది. అందుకే షూటింగ్ రోజు నోట్ ఆ రోజే రాసుకోవాలంటారు. నీ దగ్గర అలాంటి నోట్లు లేకపోతే పాత మెసేజ్‌లు, షాట్ లిస్ట్ మీద కొట్టివేతలు, క్లిప్పులు తీసిన టైమ్, ఏవి దొరికితే అవి ముందు పోగుచెయ్యి. రాయడం ఆ తర్వాత.

నిర్ణయం బలవంతం మీద తీసుకున్నదని ఒప్పుకుంటే మార్కులు పోతాయని నేను భయపడ్డాను. మేడం చెప్పింది వేరు. "వెలుతురు లేక తీశావు, సరే. ఎడిట్‌లో దాన్ని ఉంచుకున్నావు కదా, అది మాత్రం నీ ఎంపికే. దాన్ని అంచనా వెయ్యి" అన్నారు. అంటే ఒక్క షాట్ వెనక రెండు నిర్ణయాలున్నాయి. సెట్‌లో తీసుకున్నది ఒకటి, ఎడిటింగ్ టేబుల్ దగ్గర తీసుకున్నది ఇంకొకటి. నా డ్రాఫ్ట్‌లో ఆ రెండూ కలిసిపోయి ఒకటే గొప్ప ఉద్దేశంలా కనిపించాయి.

ఇక రెండో ప్రశ్న, ఎలా తెలిసింది అన్నది. నా దగ్గర జవాబు లేదు. రఫ్ కట్ చూసినవాళ్లు "బాగుంది" అన్నారు, అంతే. "బాగుంది" అన్న మాట జర్నల్‌లో ఎందుకూ పనికిరాదు. దానివల్ల ఏ షాట్ గురించీ ఏమీ తెలియదు. అందుకని నా సినిమా అప్పటిదాకా చూడనివాళ్లు ఆరుగురిని పట్టుకుని, మొదటి నుంచి ఆ సీన్ చివరి దాకా చూపించి, అక్కడ ఆపి ఒకే ప్రశ్న అడిగాను: "ఆమెకి ఏం జరిగింది?" బాధ తెలిసిందా అని అడగలేదు. అలా అడిగితే ఎవరైనా మొహమాటానికి తెలిసిందనే అంటారు.

ముగ్గురు "ఎవరికోసమో ఎదురుచూస్తోంది" అన్నారు. ఇద్దరు "ఎవరో చనిపోయినట్టున్నారు" అన్నారు. ఒకరు "మధ్యలో విసుగొచ్చి సరిగ్గా చూడలేదు" అని నిజాయితీగా చెప్పారు. రావాల్సినవాడు రావట్లేదని ఒక్కరికీ అర్థం కాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సినిమా మొత్తం ఆ ఒక్క విషయం మీదే నిలబడి ఉంది మరి.

కారణం వెతుకుతూ టైమ్‌లైన్ మీద ఆ షాట్‌కి ముందేముందో చూశాను. ఖాళీ గేటు షాట్. క్లాసులో కులెషోవ్ ప్రయోగం చెప్పుకున్నాం, గుర్తుందా? సుమారు వందేళ్ల కిందట సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్, ఏ భావమూ లేని ఒక నటుడి మొహాన్ని ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన పెట్టి చూపిస్తే, మొహం అదే అయినా జనం ఒకచోట ఆకలిని, ఇంకోచోట దుఃఖాన్ని చూశారని చెబుతారు. నా షాట్‌లో మొహం కూడా లేదు, వీపు మాత్రమే. పక్కనున్న షాట్ ఏ అర్థం ఇస్తే అదే తీసుకుంటుంది. గేటు చూపించి వీపు చూపిస్తే ఎదురుచూపు కాక ఇంకేం అనుకుంటారు? మొహం దాస్తే ప్రేక్షకుడు ఊహించుకుంటాడన్నది నిజమే. కానీ ఏది ఊహించుకోవాలో పక్క షాట్ దారి చూపాలి. నేను ఆ దారి చూపలేదు. నా జర్నల్ మొత్తంలో అసలైన విశ్లేషణ అంటే ఈ నాలుగు వాక్యాలే.

తర్వాత దాన్ని సరిచేశాను. కెమెరా పట్టుకున్న మన స్నేహితుడు ఆ రోజు "ఎందుకైనా మంచిది, ఆమె చెయ్యి క్లోజప్ ఒకటి తీసుకుందాం" అని పట్టుబట్టి తీశాడు. సూట్‌కేసు పిడి పట్టుకున్న వేళ్లు మెల్లగా వదిలేస్తాయి, 3 సెకన్లు. దాన్ని మధ్యలో పెట్టి, సీన్ మొత్తం 19 సెకన్లకి తగ్గించాను. కొత్తవాళ్లు ఆరుగురికి చూపిస్తే ఐదుగురు "వస్తానన్న మనిషి రావట్లేదు" అన్నారు.

ఇక్కడ ఆగిపోయి ఉంటే మళ్లీ తప్పు రాసేవాణ్ని. నేను ఒకేసారి రెండు మార్చాను కదా, నిడివి ఒకటి, చెయ్యి షాట్ ఒకటి. పనిచేసింది ఏది? అందుకే మూడో వెర్షన్ చేశాను. నిడివి 19 సెకన్లే, చెయ్యి మాత్రం లేదు. ఇంకో ఆరుగురు చూశారు. ఒక్కరే సరిగ్గా చెప్పారు, మిగతావాళ్లు మళ్లీ ఎదురుచూపు, చావు అన్నారు. కాకపోతే విసుగు అన్న మాట ఎవరూ అనలేదు. దాంతో కాస్త ధైర్యంగా రాయగలిగాను: అర్థాన్ని తెచ్చింది చెయ్యి షాట్, విసుగు తగ్గడానికి బహుశా నిడివి కారణం. ఆ "బహుశా" కూడా జర్నల్‌లో అలాగే ఉంచాను. చూసిన 18 మందిలో ఎక్కువమంది మన క్లాసువాళ్లే, మెల్లగా సాగే షాట్లు చూసి అలవాటున్నవాళ్లు, కాబట్టి ఈ లెక్క బయటి ప్రేక్షకులకి వర్తిస్తుందని చెప్పలేనని కూడా రాశాను. ఆ వాక్యం రాయడానికి మొదట వెనకాడాను. మేడం దాని కింద గీత గీసి మెచ్చుకున్నారు.

చెయ్యి షాట్ గురించి ఇంకో మాట. మొదటి డ్రాఫ్ట్‌లో మిగతా క్లోజప్‌ల గురించి రాస్తూ అన్నింటికీ "నేను తీశాను" అని రాసేశాను. కానీ చెయ్యి షాట్ ఆలోచన నాది కాదు, కెమెరా పట్టుకున్నవాడిది. తర్వాత ప్రతి పేజీలో "నేను", "మేం" అన్న మాటలు వెతికి, ఎవరు ప్రతిపాదించారు, ఎవరు వద్దన్నారు, చివరికి ఎవరు ఖాయం చేశారు అన్నది సరిచేశాను. నీది నలుగురి గ్రూపు కాబట్టి నీకు ఇది ఇంకా ముఖ్యం. మార్కులు నీ నిర్ణయాలకి వేస్తారు, గ్రూపు సినిమాకి కాదు. అన్నీ "మేం" అని రాస్తే నువ్వేం చేశావో వాళ్లకి కనపడదు. అన్నీ "నేను" అంటే మిగతా ముగ్గురి జర్నల్‌లతో పొసగదు.

చివరికి ఆ షాట్ గురించి నేను సమర్పించిన ఎంట్రీ మొదలు ఇది, నీకు పనికొస్తుందని రాస్తున్నాను: "వెలుతురు తగ్గడం వల్ల ఈ షాట్ వెనకనుంచి తీశాం. ఎడిట్‌లో దీన్ని పూర్తి నిడివితో ఉంచాలన్నది నా నిర్ణయం. ఆమె నిరాశ తెలుస్తుందనుకున్నాను. చూసిన ఆరుగురిలో ఎవరికీ తెలియలేదు. దీని ముందున్న గేటు షాట్ ఎదురుచూపుని సూచించడం వల్ల అలా జరిగిందని అనుకుంటున్నాను." దాని కింద మూడు వెర్షన్ల టైమ్‌లైన్ స్క్రీన్‌షాట్లు, చెయ్యి షాట్ మొదలయ్యే టైమ్‌కోడ్ పెట్టాను. పాత డ్రాఫ్ట్‌తో పోల్చి చూడు, ఇందులో విశేషణాలు దాదాపు లేవు. చూసేవాళ్లు సరిచూసుకోగలిగే విషయాలే ఉన్నాయి.

స్క్రీన్‌షాట్ల సంగతి వచ్చింది కాబట్టి, నీ ఎడిట్ ఫైలుని అదే పేరుతో మళ్లీ మళ్లీ సేవ్ చేస్తున్నావా? అలా అయితే ఈ రోజు నుంచే ఆపెయ్. ప్రతి పెద్ద మార్పుకి ముందు కొత్త నంబరుతో ఒక కాపీ పెట్టుకో. నా 42 సెకన్ల వెర్షన్ ఉండబట్టే ఇదంతా చూపించగలిగాను. ఇంకో లాభం కూడా దొరికింది. చెయ్యి షాట్ పెట్టిన చోట గది శబ్దం ఒక్కసారిగా తెగిపోయింది, మేం విడిగా రూమ్ టోన్ రికార్డ్ చేసుకోలేదు. కోసేసిన భాగంలో ఆమె కదలకుండా నిలబడ్డ ముక్కలోంచి ఆ శబ్దం తీసి కింద పరిచాను, అతుకు వినపడలేదు.

నీ సినిమాలో మెట్ల సీన్ ఉందన్నావు, కెమెరా చేత్తో పట్టుకుని తీశామని, "ఉద్వేగం కోసం" అని. నాకు ఆ ఒక్క ఎంట్రీ ముందు రాసి పంపు. ట్రైపాడ్ మెట్ల మీద నిలబడలేదా, లేక ఆ కుదుపు మీరు ముందే కావాలనుకున్నారా, ఎవరన్నారు, ఆ రోజు మెసేజ్‌లలో ఏముందో చూసి రాయి. ఆ సీన్ నాకు ఇంకా చూపించకు, నీ ప్రశ్న అడగడానికి దాన్ని చూడనివాణ్ని నేను ఒకణ్ని మిగిలి ఉంటాను.

ఇట్లు,
నీ పాత బెంచీ నేస్తం