నైట్ డ్యూటీ వాళ్లకి: నిద్ర మాత్ర ఇచ్చే ముందు ఇది చూడండి

అందరూ ఒక్కసారి చదవండి ప్లీజ్. నిన్న రాత్రి పదింటికి ఒక పెద్దాయన నిద్ర పట్టట్లేదు మాత్ర ఇవ్వమ్మా అని అడిగారు, నేను ఆయన మంచం పక్కన రెండు నిమిషాలు నిలబడి చూస్తే కారిడార్ లైటు సూటిగా మొహం మీద పడుతోంది, పక్క బెడ్ సెలైన్ పంపు ఆగకుండా మోగుతోంది, ఇంక నిద్ర ఎలా పడుతుంది చెప్పండి. సెలైన్ అయిపోవచ్చిన పంపులన్నీ ముందే చూసి బాటిళ్లు మార్చాం, లైటు తగ్గించాం, ఐ మాస్క్, ఇయర్ ప్లగ్స్ ఇచ్చాం, మాత్ర లేకుండానే పడుకున్నారు.

ప్లగ్స్ చేతికిచ్చి వచ్చేయకండి, చాలామంది పైపైన పెట్టుకుని పనిచెయ్యట్లేదు అంటారు. ఫోమ్‌ని వేళ్లతో సన్నగా నలిపి, చెవిని పైకి వెనక్కి లాగి లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోవాలి. పెట్టాక కూడా మన మాట ముందులాగే వినిపిస్తుంటే సరిగ్గా కూర్చోలేదన్నట్టే, తీసి మళ్లీ పెట్టండి.

చెవిలో చీము, నొప్పి ఉన్నవాళ్లకి పెట్టొద్దు. అయోమయంగా ఉన్నవాళ్లకి కళ్లు చెవులు మూస్తే ఇంకా భయపడతారు, వాళ్లకి లైటు, శబ్దం తగ్గిస్తే చాలు. బాత్రూమ్ దారిలో చిన్న లైటు మాత్రం ఉంచండి, పడిపోతారు. నొప్పితో మేలుకున్నవాళ్లకి ఇవేవీ పనిచెయ్యవు, ముందు నొప్పి సంగతి చూడాలి. రోజూ మాత్ర వేసుకునే అలవాటున్నవాళ్లకి డాక్టర్‌ని అడక్కుండా సడన్‌గా ఆపొద్దు.